పేరు కొట్టి చూస్తే ఏం వస్తోంది? పరిచయాలు పెంచుకునే ముందు పాత పోస్టుల సంగతి

హంటర్ రోడ్
అందరికీ నమస్కారం. నాది హన్మకొండ. 2008 నుంచి 2012 దాకా ఇక్కడే సివిల్ ఇంజనీరింగ్ చదివాను. ఇప్పుడు హైదరాబాద్‌లో ఒక స్ట్రక్చరల్ డిజైన్ ఆఫీసులో పని చేస్తున్నాను. సంక్రాంతి తర్వాత సొంతంగా కన్సల్టెన్సీ పెట్టాలని ఉంది. అంటే ముఖపరిచయం లేని బిల్డర్లకు, ఆర్కిటెక్టులకు, కాలేజీ సీనియర్లకు లింక్డ్‌ఇన్‌లో రాయాలి, ఫోన్లు చేయాలి, వెళ్లి కలవాలి. జనవరిలో పూర్వ విద్యార్థుల సమావేశం కూడా ఉంది.

వాళ్లలో ఎవరైనా నా పేరు గూగుల్‌లో కొట్టి చూస్తే ఏం కనబడుతుందోనని టెన్షన్‌గా ఉంది. మా చదువు రోజులంటే ఉద్యమం రోజులు. అప్పుడు రాసినవి చాలా ఉన్నాయి. ఇప్పుడు నేను పని అడగబోయే వాళ్లలో సగం మంది కోస్తా నుంచి వచ్చి హైదరాబాద్‌లో స్థిరపడినవాళ్లే. ఎక్కడ మొదలుపెట్టాలి? అంతా డిలీట్ కొట్టేయడమేనా? నా పేరు, ఇంటిపేరు ఇవి...

(వేదిక నిర్వాహకులు: ఈ పోస్టులోని పూర్తి పేరు, ఊరి వివరాలు తొలగించాం.)

కాజీపేట జంక్షన్
నిర్వాహకులు మంచి పని చేశారు. తమ్ముడూ, ఇక్కడ పూర్తి పేరు పెట్టకు. పెడితే వచ్చే నెల నీ పేరు కొట్టినవాళ్లకు ముందు ఈ చర్చే కనబడుతుంది.

నేను చాలా ఏళ్లుగా నియామకాల పనిలో ఉన్నాను. ఎవరినైనా కలిసే ముందు వాళ్ల పేరు కొట్టి చూడటం మాకు అలవాటు. మొత్తం ఇంటర్నెట్ ఎవరూ తవ్వరు. పేరు, దాని పక్కన ఊరో కాలేజీయో కంపెనీయో కొడతారు. మొదటి పేజీ చూస్తారు, ఫొటోలు ఒకసారి చూస్తారు, లింక్డ్‌ఇన్ తెరుస్తారు. అనుమానం వస్తేనే ఫేస్‌బుక్ దాకా పోతారు. నువ్వు కూడా ముందు వాళ్లలాగే వెతుకు. ఏం ఉందో తెలియకుండా డిలీట్ మొదలుపెడితే కనబడనివి తీసేస్తావు, కనబడేవి వదిలేస్తావు.

గూగుల్ అకౌంట్ నుంచి బయటికొచ్చి ప్రైవేట్ విండోలో వెతుకు. అలా చేసినా నువ్వున్న ఊరిని బట్టి ఫలితాలు కొంచెం మారతాయి. అందుకని వేరే ఊళ్లో ఉన్న ఒక స్నేహితుడిని కూడా వెతికి స్క్రీన్‌షాట్ పంపమను.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. మన తెలుగువాళ్లకు పేరు ఒక్కటి కాదు. పదో తరగతి మెమోలో ఇంటిపేరు ముందు ఉంటుంది, పాస్‌పోర్టుకు వచ్చేసరికి వెనక్కి పోతుంది. కాలేజీలో ఒక్క అక్షరం ఇనిషియల్. శ్రీనివాస్ అనే పేరే తీసుకో, ఒకచోట ఐ, ఇంకోచోట రెండు ఈలు, మరోచోట చివర యు. కొత్త పరిచయస్తులు లింక్డ్‌ఇన్‌లో ఉన్న రూపం కొడతారు. పాతవన్నీ కాలేజీనాటి రూపం కింద ఉంటాయి. ఒక్క రూపం కొట్టి ఏమీ లేదని ఊరుకుంటే సగమే చూసినట్టు. ఉదాహరణకు ఇలా:

```
"Srinivas Intiperu"
"Intiperu Srinivas" Warangal
"Intiperu Sreenivas" OR "I. Srinivas" civil
"ఇంటిపేరు శ్రీనివాస్"
"Intiperu Srinivas" filetype:pdf
site:facebook.com "Intiperu Srinivas"
```

కోట్స్ తప్పకుండా పెట్టాలి, లేకపోతే రెండు పదాలు వేర్వేరుగా ఉన్న పేజీలన్నీ వస్తాయి. తర్వాత నీ పాత మెయిల్ ఐడీ, పాత యూజర్‌నేమ్, మొబైల్ నంబర్ కూడా కోట్స్‌లో వెతుకు. నంబర్‌ను పది అంకెలు కలిపి ఒకసారి, ఐదు ఐదుగా విడదీసి ఒకసారి. తెలుగు లిపిలో వెతకడం చాలామంది మరిచిపోతారు. జిల్లా ఎడిషన్ వార్తలన్నీ అక్కడే ఉంటాయి.

మడికొండ మామ
ఇంత కష్టం దేనికి బాబూ? ఫేస్‌బుక్ సెట్టింగుల్లో పాత పోస్టులన్నీ ఒక్క దెబ్బకు ఫ్రెండ్స్‌కు మాత్రమే కనబడేలా చేసే బటన్ ఉంది. మా అబ్బాయికి నేనే చేయించాను. రెండు నిమిషాల పని, అయిపోయింది.

కరీంనగర్ వాసి
మీ మీద ఎవరైనా తప్పుడు ప్రచారం చేస్తుంటే భయపడొద్దు. వెంటనే 1930కి ఫోన్ చేయండి. cybercrime.gov.in లో ఫిర్యాదు కూడా పెట్టొచ్చు. మా బావమరిదికి డబ్బులు పోయినప్పుడు అలాగే చేశాం, బ్యాంకులో కొంత ఆపగలిగారు.

హంటర్ రోడ్
కరీంనగర్ సార్, నా మీద ఎవరూ ఏమీ రాయలేదు. నేను రాసినవాటి గురించే అడుగుతున్నాను.

కాజీపేట జంక్షన్
కరీంనగర్ సార్ చెప్పింది మంచి మాటే, కానీ 1930 డబ్బు మోసాల కోసం. ఈ పనికి అది పనికిరాదు.

మామగారు చెప్పిన బటన్ నిజంగానే ఉంది, `Limit past posts` అని. పబ్లిక్‌గా ఉన్నవి, స్నేహితుల స్నేహితులకు కనబడేవి అన్నీ ఫ్రెండ్స్‌కు మాత్రమే కనబడేలా మారతాయి. కానీ మూడు సంగతులు గుర్తుంచుకోవాలి. మళ్లీ వెనక్కి మార్చాలంటే ఒక్కో పోస్టూ విడివిడిగా మార్చుకోవాల్సిందే. పోస్టులో ఎవరినైనా ట్యాగ్ చేసి ఉంటే వాళ్లకూ, వాళ్ల స్నేహితులకూ కనబడే అవకాశం ఉంటుంది. ఇక వేరేవాళ్ల పేజీల్లో, పబ్లిక్ గ్రూపుల్లో నువ్వు పెట్టిన కామెంట్లను ఆ బటన్ ముట్టుకోదు. ఆ పేజీ పబ్లిక్ అయితే కామెంటూ పబ్లిక్కే.

తమ్ముడి విషయంలో ఇంకా పెద్ద చిక్కు ఉంది. తను చేయబోయేదే కొత్త పరిచయాలు. రేపు ఒక బిల్డర్‌ను కలుస్తాడు, ఆయన ఫేస్‌బుక్‌లో రిక్వెస్ట్ పంపుతాడు, తను ఒప్పుకుంటాడు. ఒప్పుకున్న క్షణం నుంచి ఆయన కూడా ఫ్రెండే కదా. 2011లో రాసిన ఫ్రెండ్స్ పోస్టులన్నీ ఆయనకు తెరుచుకుంటాయి. కొత్త పరిచయాలు పెంచుకునేవాళ్లకు ఈ బటన్ ఒక్కటీ చాలదు.

మడికొండ మామ
అది నిజమే. కొత్తగా కలిసేవాళ్ల సంగతి నేను ఆలోచించలేదు. మా అబ్బాయి సర్కారు ఉద్యోగంలో ఉన్నాడు, వాడికి చాలు అనుకుంటాను.

పద్మాక్షి గుట్ట
నేను డిగ్రీ లెక్చరర్‌ని. జంక్షన్ గారు చెప్పిన పీడీఎఫ్ వెతుకులాట ఇప్పుడే చేసి చూశాను. ఎప్పుడో ఒక శిక్షణా తరగతికి పేరు ఇస్తే, హాజరైనవాళ్ల జాబితా మొత్తం పీడీఎఫ్‌గా పెట్టేశారు. నా పేరు, పుట్టిన తేదీ, మొబైల్ నంబర్, ఇంటి అడ్రస్ అన్నీ ఉన్నాయి. నాకు కోచింగ్ సెంటర్ల నుంచి, లోన్ల వాళ్ల నుంచి వస్తున్న ఫోన్లకు కారణం ఇదేనేమో. ఇది నేను పెట్టింది కాదు కదా, తీయించడం ఎలా?

కాజీపేట జంక్షన్
మేడమ్, ఫోన్లకు అదే కారణమని గట్టిగా చెప్పలేం. కానీ తీయించాల్సిందే. ముందు ఆ పీడీఎఫ్ పెట్టిన సంస్థకు మెయిల్ రాయండి. ఫైల్ లింకు, పేజీ నంబర్, మీ వరుస ఎన్నోది అనేవి ఇచ్చి, నంబర్, అడ్రస్ ఉన్న నిలువు వరుసలు తీసేసి మళ్లీ పెట్టమనండి. జాబితా మొత్తం తీసేయమంటే వాళ్లు ఒప్పుకోరు, ఆ రెండు వరుసలంటే ఒప్పుకుంటారు.

సమాధానం రాకపోతే గూగుల్‌కే అర్జీ పెట్టొచ్చు. ఫోన్ నంబర్, ఇంటి అడ్రస్, మెయిల్ లాంటి వ్యక్తిగత వివరాలు ఉన్న ఫలితాలను తీసేయమని అడిగే ఫారం ఉంది. వాళ్లు ఒప్పుకుంటే గూగుల్‌లో రాదు, ఫైల్ మాత్రం అక్కడే ఉంటుంది. ప్రభుత్వ కార్యాలయాలు జనం కోసం పెట్టిన జాబితా అనుకుంటే గూగుల్ ఒప్పుకోకపోవచ్చు కూడా. అందుకే మొదటి మెయిల్ మానొద్దు.

హంటర్ రోడ్
అన్నా, మీరు చెప్పినట్టే వెతికాను. లింక్డ్‌ఇన్‌లో ఉన్న రూపంతో పెద్దగా ఏమీ లేదు. కాలేజీనాటి రూపంతోనూ, తెలుగు లిపిలోనూ వెతికితే మాత్రం చాలా బయటపడ్డాయి.

మొదటిది, నా పేరే ఉన్న వేరే వ్యక్తిని ఏసీబీ పట్టుకున్న వార్త. అదీ ఇంజనీరే, జిల్లా కూడా పక్కదే. చూసినవాళ్లు నేనే అనుకుంటారు.

నా ఫేస్‌బుక్‌లో 2010 నుంచి 2014 దాకా పోస్టులు చాలావరకు పబ్లిక్. సకల జనుల సమ్మె ఫొటోలు, యూనివర్సిటీ దగ్గర సభలు, వాటి మధ్యలో కోపంతో రాసినవి. కొన్నిట్లో అవతలి ప్రాంతం వాళ్లను మొత్తంగా కలిపి తిట్టిన మాటలు ఉన్నాయి.

ఒక స్నేహితుడి బ్లాగులో నా కామెంట్ ఉంది. గూగుల్ ఫలితంలో సరిగ్గా ఆ తిట్టు వాక్యమే కనబడుతోంది.

గూగుల్ మ్యాప్స్‌లో హాస్టల్ మెస్ మీద రాసిన రివ్యూ ఒకటుంది. వంటాయన్ని పేరు పెట్టి తిట్టినట్టు ఉంది.

చివరిది, 2011లో రైల్ రోకో కేసులో నా పేరుతో సహా వచ్చిన వార్త. ఆ కేసు తర్వాత ఎత్తేశారు. ఎత్తేసిన వార్త మాత్రం ఎక్కడా లేదు.

వేయిస్తంభాలు
తమ్మీ, ఒక్క మాట. సమ్మె ఫొటోలు, సభల ఫొటోలు తీసేయకు. 2011 సెప్టెంబర్ 13న మొదలై 42 రోజులు నడిచిన సమ్మె అది. టీచర్లు, బస్సు డ్రైవర్లు, బొగ్గు గని కార్మికులు జీతాలు వదులుకుని కూర్చున్నారు. మన జిల్లాలో ఆ రోజులు ఎట్లా గడిచినయో పత్రికలకన్నా మీ తరం ఫోన్లతో తీసిన ఫొటోల్లోనే ఎక్కువ ఉంది. ఒక కాంట్రాక్టు కోసం నువ్వు అక్కడ లేనట్టు చేసుకుంటే, రేపు నీ పిల్లలకు ఏం చూపిస్తవు? నేను తీయను. నన్ను చూసి పని ఇయ్యనోడి పని నాకు వద్దు.

భీమవరం టు హన్మకొండ
నేను మాట్లాడొచ్చో లేదో తెలియదు గానీ చెబుతాను. మాది పశ్చిమ గోదావరి. పెళ్లయి వచ్చి ఇరవై ఏళ్లుగా హన్మకొండలో ఉంటున్నాను. మావారిది నిర్మాణ రంగం, డిజైన్ ఇంజనీర్లను ఎంచుకునేటప్పుడు నేనూ చూస్తాను.

జై తెలంగాణ అని రాసి ఉంటే మాకు ఏమీ అనిపించదు. ఆ రోజుల్లో ఇక్కడ ఎవరు రాయలేదు? మా ఇంటి ఓనర్ కొడుకు కూడా రాశాడు, ఆ రాత్రే మాకు పాలు తెచ్చి ఇచ్చాడు. మనసుకు తగిలేది వేరు. ఒక ప్రాంతం ఆడవాళ్ల గురించో, తిండి గురించో, కులం గురించో నీచంగా రాసినవి. అవి చదివాక మనిషిని ఎదురుగా కూర్చోబెట్టుకుని మాట్లాడటం కష్టం. ఇంకోటి కూడా చెప్పాలి. 2011 నాటి మాట కన్నా ఆ మెస్ వంటాయన్ని తిట్టిన రివ్యూ నన్ను ఎక్కువ ఆపుతుంది. సైట్‌లో మేస్త్రీలతో, కూలీలతో ఎలా మాట్లాడతాడో అందులో తెలుస్తుంది.

వేయిస్తంభాలు
అమ్మా, మీరు చెప్పినదానికి నేను ఎదురు చెప్పను. తిట్లు తీసేయమనే నేనూ అంటాను. ఉద్యమాన్ని తీసేయొద్దంటున్న, అంతే.

కాజీపేట జంక్షన్
ఇద్దరూ కలిసి దారి చూపించారు. ఇప్పుడు ఒక్కో దాని సంగతి చూద్దాం. ముందు ఫేస్‌బుక్ సెట్టింగుల్లో నీ సమాచారం దించుకునే చోటు నుంచి మొత్తం దించుకుని ఇంట్లో భద్రపరుచుకో. వేయిస్తంభాలు అన్న బాధ దానితో కొంత తీరుతుంది. ఆ ఫైలు సిద్ధం కావడానికి సమయం పడుతుంది కాబట్టి మొదటి రోజే అడిగిపెట్టు.

ఆ తర్వాత `Activity log` తెరువు. ఏడాది వారీగా వడపోసుకోవచ్చు. 2014 నుంచి వెనక్కి వెళ్లు. ఫొటోలు, నినాదాలు అలాగే ఉంచు, లేదా ఫ్రెండ్స్‌కు పరిమితం చెయ్యి, నీ ఇష్టం. మనుషులను తిట్టినవి ట్రాష్‌లో వెయ్యి. ముప్పై రోజుల తర్వాత వాటంతట అవే పోతాయి, ఈలోగా మనసు మారితే వెనక్కి తెచ్చుకోవచ్చు. ఎటూ తేల్చుకోలేనివి ఆర్కైవ్‌లో పెట్టు. అవి నీకు తప్ప ఎవరికీ కనబడవు, కొత్తగా ఫ్రెండ్స్ అయినవాళ్లకు కూడా. అదే లాగ్‌లో కామెంట్లకు వేరే విభాగం ఉంది. నా అనుభవంలో పోస్టుల కన్నా అక్కడే ఎక్కువ దొరుకుతాయి, ఎందుకంటే కామెంట్ రాసేటప్పుడు ఎవరూ రెండోసారి చదువుకోరు. స్నేహితులు నిన్ను ట్యాగ్ చేసినవాటి నుంచి ట్యాగ్ తీసుకోవచ్చు. పోస్టు మాత్రం వాళ్ల దగ్గరే ఉంటుంది.

మ్యాప్స్ రివ్యూ తేలిక. యాప్‌లో నీ ప్రొఫైల్‌కు వెళ్తే ఇప్పటిదాకా రాసిన రివ్యూలన్నీ వరుసగా ఉంటాయి. తిట్టు తీసేసి రుచి గురించి, శుభ్రత గురించి ఉన్నది ఉంచినా సరే, మొత్తం తీసేసినా సరే. అన్నీ ఒకసారి చదువు.

ఏసీబీ వార్త నీది కాదు కాబట్టి తీయించలేవు. నువ్వు వేరే మనిషివని తెలిసేలా చేయడమే మార్గం. లింక్డ్‌ఇన్‌లో స్పష్టమైన ఫొటో, ఊరు, ఎన్నేళ్లుగా ప్రైవేటు రంగంలో ఉన్నావో రాయి. విజిటింగ్ కార్డు, మెయిల్ సంతకం, లింక్డ్‌ఇన్ చిరునామా మూడింటిలో పేరు ఒకే స్పెల్లింగ్‌తో ఉండాలి. ఇంటిపేరు పూర్తిగా పెట్టు, ఇనిషియల్ వద్దు. పేరుతో వెతికితే లింక్డ్‌ఇన్ సాధారణంగా పైనే వస్తుంది కాబట్టి అది సరిగ్గా ఉంటే చాలావరకు పని జరుగుతుంది. పబ్లిక్ ప్రొఫైల్ ఆపేసి ఉంటే తెరువు. ఆ మార్పు గూగుల్‌లో కనబడటానికి కొన్ని వారాలు పట్టొచ్చు, జనవరి మొదటి వారంలో చేస్తే ఆలస్యమైనట్టే. ప్రొఫైల్ సరిచేసేటప్పుడు మార్పులు నెట్‌వర్క్‌కు తెలియజేసే సెట్టింగ్ ముందు ఆపుకో, లేకపోతే ప్రతి చిన్న మార్పుకూ మీ బాస్‌కు నోటిఫికేషన్ పోయే ప్రమాదం ఉంది.

లింక్డ్‌ఇన్‌లో ఇంకొకటి. నువ్వు ఏం రాశావన్నదే కాదు, దేనికి లైక్ కొట్టావో కూడా ప్రొఫైల్‌లో యాక్టివిటీ కింద కనబడుతుంది. నేను ముందు చూసేది అదే. గత ఏడాది యాక్టివిటీ అంతా చదువు.

జమ్మికుంట
అన్నా మధ్యలో అడుగుతున్నందుకు ఏమనుకోకండి. డిగ్రీ ఫైనల్ ఇయర్. నాకు ఫేస్‌బుక్ లేదు, ఇన్‌స్టా ఒక్కటే, అదీ ప్రైవేట్. నేను సేఫేనా? ఒక యాప్ ఉందట, లాగిన్ ఇస్తే పాత కామెంట్లన్నీ అదే తీసేస్తుందట.

కాజీపేట జంక్షన్
ప్రైవేట్ అకౌంట్ అయినా ప్రొఫైల్ ఫొటో, పేరు, బయో అందరికీ కనబడతాయి. పబ్లిక్ రీల్స్ కింద నువ్వు రాసిన కామెంట్లూ అంతే. పాస్‌వర్డ్ ఎవరికీ ఇవ్వకు, ఏ యాప్‌కూ ఇవ్వకు. ఇన్‌స్టాలోనే `Your activity` లో కామెంట్లన్నీ ఒకచోట చూసి ఒకేసారి చాలా ఎంచుకుని తీసేయొచ్చు. యూట్యూబ్ కామెంట్లు `myactivity.google.com` లో దొరుకుతాయి.

హంటర్ రోడ్
ఫేస్‌బుక్ లాగ్ చూస్తున్నాను, కొంత అయ్యింది. బ్లాగు కామెంట్ దగ్గర ఆగిపోయాను. పాత జీమెయిల్‌తో లాగిన్ అయ్యి కామెంట్ డిలీట్ చేశాను. పేజీలో పోయింది. గూగుల్ ఫలితంలో మాత్రం ఆ వాక్యం అలాగే ఉంది.

కాజీపేట జంక్షన్
అది మామూలే. గూగుల్ ఆ పేజీని మళ్లీ చదివేదాకా పాత ముక్కే చూపిస్తుంది. పాత బ్లాగులను అది తరచుగా చదవదు, నెలలు కూడా పట్టొచ్చు. నువ్వే చెప్పొచ్చు. `Refresh Outdated Content` అని గూగుల్ పేజీ ఉంది:

```
search.google.com/search-console/remove-outdated-content
```

పేజీ లింకు ఇచ్చాక, పేజీ మొత్తం పోయిందా లేక కొంత భాగం మారిందా అన్నది వస్తుంది. నీది రెండోది. అప్పుడు ఒక పదం ఇవ్వమంటుంది, పాత ముక్కలో ఉండి ఇప్పటి పేజీలో ఎక్కడా లేని పదం. అది జాగ్రత్తగా ఎంచుకో. పేజీలో ఇంకెక్కడైనా ఆ పదం ఉంటే అర్జీ తిరస్కరిస్తారు. అందుకే ముందు అసలు చోట తీసేసి, ఆ తర్వాతే గూగుల్ దగ్గరికి పోవాలి. చాలామంది ముందు గూగుల్‌కు అర్జీ పెట్టి, తిరస్కరించారని వదిలేస్తారు.

హంటర్ రోడ్
పెట్టాను, తిరస్కరించారు. పేజీ మొత్తం చదివితే తెలిసింది. నా కామెంట్ కింద ఇంకొకాయన దాన్నే యథాతథంగా ఎత్తి రాసి, నా పేరు పెట్టి మెచ్చుకున్నాడు. నాది పోయింది గానీ ఆ ఎత్తిన వాక్యం ఉంది.

కాజీపేట జంక్షన్
ఇలా చాలాసార్లు జరుగుతుంది. ఆ కామెంట్‌ను నువ్వు తీయలేవు. రాసినాయన తీయాలి, లేదా బ్లాగు యజమాని తీయాలి. యజమాని నీ స్నేహితుడే కదా, అడుగు. కామెంట్ తీసేస్తే సరిపోతుంది, పోస్టు ముట్టుకోవాల్సిన పని లేదు. మొత్తం బ్లాగే గూగుల్‌కు కనబడకూడదనుకుంటే బ్లాగర్ సెట్టింగుల్లో `Visible to search engines` అనేది ఆపొచ్చు. అది ఆయన ఇష్టం, నువ్వు బలవంతపెట్టకు. అలాగే `web.archive.org` లో ఆ పేజీ లింకు పెట్టి చూడు. పాత కాపీ ఉంటే info@archive.org కు మెయిల్ రాసి అడగొచ్చు. కానీ పేజీ నీది కాదు కాబట్టి బ్లాగు యజమాని రాస్తే ఎక్కువ ఉపయోగం. నిజం చెప్పాలంటే పని ఇవ్వబోయే బిల్డర్ అక్కడిదాకా వెళ్లడు.

భీమవరం టు హన్మకొండ
మావారికైతే ఆ సైటు ఉన్నట్టే తెలియదు.

హంటర్ రోడ్
స్నేహితుడు ఇప్పుడు దుబాయ్‌లో ఉన్నాడు. మెసేజ్ పెట్టాను. మరి రైల్ రోకో వార్త?

వేయిస్తంభాలు
అది ఉండనీ. ప్రజల కోసం పట్టాల మీద కూర్చున్నవు, దొంగతనం చేయలేదు. నాకూ కేసులున్నయి అప్పట్లో.

మడికొండ మామ
నేను ఒప్పుకోను. కేసు అన్న మాట చూస్తే చాలు, లోపల ఏముందో ఎవరూ చదవరు. ప్రభుత్వ పనులకు టెండర్లు వేస్తే ఇంకా ఇబ్బంది. లాయర్ నోటీసు పంపించు, తీసేస్తారు.

కాజీపేట జంక్షన్
మామగారూ, నిజంగా జరిగినదాన్ని జరిగినట్టే రాసిన వార్తను నోటీసుతో తీయించడం కష్టం. పైగా నోటీసు అందుకున్నాక వాళ్లు దాని మీదే ఇంకో వార్త రాస్తే ఏం చేస్తాం? మెల్లగా అడగడం మేలు. కేసు ఎత్తేసినట్టు కోర్టు కాగితం ఉంటే కాపీ పెట్టి, ఆ వార్త కిందే ఒక వాక్యం కలపమని ఎడిటర్‌కు మెయిల్ రాయి. తీసేయమనే అర్జీకి ఒప్పుకోనివాళ్లు కూడా, ఆధారం చూపిస్తే ఒక వాక్యం కలపడానికి ఒప్పుకునే అవకాశం ఉంది. కాగితం ఉందా?

హంటర్ రోడ్
నా దగ్గర లేదు. అప్పట్లో లాయర్ సార్ చూసుకున్నారు, మా అందరివీ కలిపి ఎత్తేశారని చెప్పారు. కోర్టులో కాపీకి దరఖాస్తు పెట్టాలేమో.

పద్మాక్షి గుట్ట
కేసు నంబర్ తెలిస్తే సర్టిఫైడ్ కాపీకి దరఖాస్తు పెట్టొచ్చు, మా తమ్ముడు అలాగే తీసుకున్నాడు. నంబర్ తెలియకపోతే పాత లాయర్‌నే అడగండి.

అన్నట్టు, నా పీడీఎఫ్ సంగతి. ఆ సంస్థవాళ్లు ఫోన్ చేశారు. జాబితా మార్చి పెడతామన్నారు, ఇంకా పెట్టలేదు. వాళ్లు మార్చిన ఫైలుకు పాత పేరే పెడితే గూగుల్‌కు మళ్లీ చెప్పాలా?

కాజీపేట జంక్షన్
చెప్పాలి మేడమ్. లింకు అదే ఉండి లోపల మారితే పైన చెప్పిన పేజీలోనే అర్జీ పెట్టండి. గుర్తు పదంగా మీ మొబైల్ నంబర్ ఇవ్వొచ్చు, ఎందుకంటే కొత్త ఫైలులో అది ఉండదు. ఫైలు కొత్త పేరుతో పెట్టి పాతది అక్కడే వదిలేస్తే మాత్రం ఏమీ మారనట్టే. పాత లింకు తెరిచి చూడండి, ఫైలు దొరకలేదని రావాలి.

హంటర్ రోడ్
ఒక విషయంలో మీ అందరి అభిప్రాయం కావాలి. బిల్డర్లను కలిసినప్పుడు ఆ కేసు గురించి నేనే ముందు చెప్పాలా, వాళ్లు అడిగితేనే చెప్పాలా?

వేయిస్తంభాలు
ముందే చెప్పు. తలెత్తుకుని చెప్పు.

భీమవరం టు హన్మకొండ
మొదటి పరిచయంలోనే వద్దు బాబూ. డ్రాయింగులు చూపించడానికి వచ్చిన మనిషి కేసు గురించి మొదలుపెడితే మేమే కంగారుపడతాం. అడిగితే మాత్రం దాచొద్దు. రెండు వాక్యాల్లో చెప్పి పని మాటలోకి వెళ్లిపోతే చాలు.

కాజీపేట జంక్షన్
నేను ఇద్దరి మధ్యలో ఉన్నాను. ప్రైవేటు బిల్డర్ల విషయంలో మేడమ్ మాటే సరి. ఎక్కడైనా కాగితం మీద క్రిమినల్ కేసుల గురించి అడిగే గడి ఉంటే అది వేరే లెక్క. అక్కడ ఏం రాయాలో లాయర్‌ను అడిగి రాయి, ఇక్కడ మా మాట విని రాయకు.

హంటర్ రోడ్
సరే అన్నా. దుబాయ్ నుంచి జవాబు వచ్చింది. ఆ కామెంట్ తీసేస్తానన్నాడు, బ్లాగు మాత్రం తెరిచే ఉంచుతానన్నాడు. ఆయన తీసిన తర్వాత మళ్లీ అర్జీ పెడతాను. ఈసారి ఇచ్చే పదం పేజీలో ఇంకెక్కడా లేదని ముందు వెతికి చూసుకుంటాను. ఈ శనివారం లాయర్ సార్ దగ్గరికి వెళ్తున్నాను, కేసు నంబర్ దొరికితే ఇక్కడ చెబుతాను.

జమ్మికుంట
అన్నా, నా ఇన్‌స్టా కామెంట్లు చూస్తే నేను రాసినట్టు గుర్తే లేనివి బోలెడు ఉన్నాయి. ఒక దాంట్లో మా హెచ్‌ఓడీని ట్యాగ్ చేశాను. డిలీట్ చేస్తే ఆయనకు నోటిఫికేషన్ పోతుందా?

కాజీపేట జంక్షన్
పోదు. ధైర్యంగా తీసెయ్.